ఇన్ఫినిటీ దాకా ఇంటిగ్రేషన్: యాక్చూరీ కావాలంటే ఇంత లోతుగా నేర్చుకోవాలా?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. బీమా రిస్కులు, ప్రీమియంలు లెక్కకట్టే యాక్చూరీ అవ్వాలని ఉంది. పై లిమిట్ ఇన్ఫినిటీ ఉన్న ఇంటిగ్రల్స్ అంటే నాకు టెన్షన్. ఆన్సర్ వచ్చినా కన్వర్జెన్స్ చూపలేదని మార్కులు కట్ చేస్తున్నారు, ఒక్కోసారి ఆన్సరే రావట్లేదు. ఉద్యోగంలో ఇవన్నీ కంప్యూటరే చేస్తుంది కదా, వీటి మీద ఇంత టైమ్ పెట్టాలా?

జవాబు: పెట్టాలమ్మా. కంప్యూటర్ ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్యకు అర్థం ఉందో లేదో తేల్చాల్సింది మనిషే. బీమా లెక్కల్లో ఇది చాలా తరచుగా ఎదురవుతుంది. ముందు నీ మార్కులు ఎక్కడ పోతున్నాయో చూసి, తర్వాత బీమా దగ్గరికి వెళ్దాం.

పై లిమిట్ ఇన్ఫినిటీ అని రాసినంత మాత్రాన దాన్ని ఒక సంఖ్యలా ప్రతిక్షేపించకూడదు. పై లిమిట్‌గా b తీసుకుని మామూలుగా ఇంటిగ్రేట్ చేయాలి. వచ్చిన దానిలో bని పెంచుకుంటూ పోతే ఏమవుతుందో చూడాలి. ఒక నిర్దిష్టమైన సంఖ్యకు దగ్గరైతే కన్వర్జ్ అయినట్టు, ఆ సంఖ్యే దాని విలువ. కాకపోతే డైవర్జ్, దానికి విలువే లేదు. అంటే కన్వర్జెన్స్ చూపడం, విలువ కట్టడం రెండూ ఆ ఒక్క లిమిట్‌లోనే జరుగుతాయి. నువ్వు ఆ లిమిట్ లైన్ రాయకుండా నేరుగా జవాబుకు దూకుతున్నావని నా అనుమానం. పేపర్ దిద్దేవాళ్లకు కావాల్సింది ఆ లైనే.

ఆన్సరే రాకపోవడానికి కారణం ఈ లెక్కలో దొరుకుతుంది:

∫₁^∞ dx / (x(x+1))

పార్షియల్ ఫ్రాక్షన్స్ చేస్తే లోపలిది 1/x − 1/(x+1) అవుతుంది. ఇక్కడ చాలామంది దీన్ని రెండు ఇంటిగ్రల్స్‌గా విడదీసి, రెండింటికీ విడివిడిగా ఇన్ఫినిటీ వేస్తారు. రెండూ డైవర్జ్ అవుతాయి. చేతిలో ∞ − ∞ మిగులుతుంది. కొందరు దాన్ని సున్నా అని రాస్తారు, కొందరు డైవర్జ్ అని రాస్తారు, రెండూ తప్పే. ఇంటిగ్రల్‌ను విడదీయాలంటే రెండు ముక్కలూ విడివిడిగా కన్వర్జ్ అవ్వాలి. అందుకని b దాకా ఆగి, లాగ్‌లను కలిపి ఉంచాలి:

∫₁^b dx / (x(x+1)) = ln(b/(b+1)) − ln(1/2)

ఇప్పుడు b పెరిగితే b/(b+1) ఒకటికి దగ్గరవుతుంది, దాని లాగ్ సున్నాకు చేరుతుంది. మిగిలేది ln 2, అంటే సుమారు 0.693. లాగ్‌లు కలపడం ముందు, లిమిట్ తర్వాత. ఈ వరస తప్పితే ఆన్సర్ రాదు.

ఇక విలువ కట్టకుండానే కన్వర్జ్ అవుతుందో లేదో తెలుసుకోవడానికి ఆధారం 1/x^p. ఒకటి నుంచి ఇన్ఫినిటీ దాకా దీని ఇంటిగ్రల్ p ఒకటి కంటే ఎక్కువైతేనే కన్వర్జ్ అవుతుంది, విలువ 1/(p−1). p సరిగ్గా 1 అయినా డైవర్జే. ఫంక్షన్ సున్నాకు పోతోంది కాబట్టి ఇంటిగ్రల్ కన్వర్జ్ అవుతుందనుకోవడం పొరపాటని 1/x చెబుతోంది. సున్నాకు పోతే చాలదు, తగినంత వేగంగా పోవాలి.

కంప్యూటర్ సంగతి అడిగావు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. 1/x, 1/x^1.1 రెండూ తీసుకో. మొదటిది డైవర్జ్. రెండోది కన్వర్జ్, విలువ 1/0.1, అంటే సరిగ్గా 10. ఇన్ఫినిటీ బదులు పెద్ద సంఖ్య వేసి చూద్దామని వెయ్యి దాకా లెక్క కడితే మొదటిదానికి 6.91, రెండోదానికి 4.99 వస్తాయి. పది లక్షల దాకా వెళ్తే 13.82, 7.49. రెండూ పెరుగుతూనే కనిపిస్తాయి. ఏది ఆగుతుందో, ఏది ఆగదో ఈ అంకెలను చూసి చెప్పలేం. రెండోది 9.9 దాటాలంటే b విలువ 1 పక్కన 20 సున్నాలు దాటాలి.

సాఫ్ట్‌వేర్ పూర్తిగా తప్పు చెప్పే సందర్భాలు కూడా ఉన్నాయి. ఆర్ ప్రోగ్రామ్‌లో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ సగభాగం వైశాల్యం ఇలా అడగొచ్చు:

```
integrate(dnorm, 0, Inf)
integrate(dnorm, 0, 20000)
```

మొదటిదానికి 0.5 వస్తుంది, అది సరైనదే. రెండోది చాలా సిస్టమ్‌లలో విఫలమవుతుందని ఆర్ హెల్ప్ పేజీలోని ఉదాహరణలోనే రాసి ఉంటుంది. వైశాల్యమంతా సున్నా దగ్గర కొద్ది మేరలోనే ఉంది. ఇరవై వేల పొడవున ప్రోగ్రామ్ ఎంచుకున్న కొన్ని బిందువులు దాదాపు అన్నీ ఫంక్షన్ సున్నాగా ఉన్న చోటే పడితే, అసలు భాగం దానికి కనపడదు. జవాబు 0.5 దగ్గర ఉండాలని ముందే తెలిసినవాళ్లే ఆ తప్పు పట్టుకోగలరు.

ఇప్పుడు బీమాకు వద్దాం. ఒక క్లెయిమ్ మొత్తాన్ని X అనుకో. అది x కంటే ఎక్కువ కావడానికి ఉన్న సంభావ్యత S(x). X నెగెటివ్ కాదు కాబట్టి సగటు క్లెయిమ్ E[X] అంటే S(x)ను సున్నా నుంచి ఇన్ఫినిటీ దాకా ఇంటిగ్రేట్ చేయగా వచ్చేది. ప్రీమియం లెక్క ఇక్కడే మొదలవుతుంది. పెద్ద క్లెయిమ్‌లు అరుదుగానైనా వచ్చే బీమాల్లో పరెటో డిస్ట్రిబ్యూషన్ వాడతారు:

S(x) = (λ/(λ+x))^α

λ = 2 (లక్షల్లో), α = 1.5 అని తీసుకుందాం. x బాగా పెద్దదైనప్పుడు ఇది దాదాపు ఒక స్థిరసంఖ్య × 1/x^1.5. p ఒకటి కంటే ఎక్కువ కాబట్టి కన్వర్జ్ అవుతుంది. ఇది ముందే తేల్చుకున్నాక విలువ కడదాం:

∫₀^b (2/(2+x))^1.5 dx = 4 − 4√2/√(2+b)

b పెరిగితే రెండో పదం సున్నాకు పోతుంది. సగటు క్లెయిమ్ 4 లక్షలు. λ/(α−1) అనే ఫార్ములా ఇచ్చేదీ ఇదే. అయితే నాకు ఫార్ములా కంటే ఆ రెండో పదమే ముఖ్యం. b = 98 వేసి చూడు. ఇంటిగ్రల్ 3.434 లక్షల దగ్గరే ఉంటుంది. ఒక క్లెయిమ్ 98 లక్షలు దాటే అవకాశం 0.28 శాతమే, వెయ్యి క్లెయిమ్‌లలో మూడు కూడా కాదు. అయినా ఆ గీత పైన ఉన్న భాగం సగటులో దాదాపు 56,600 రూపాయలు, అంటే ఏడో వంతు. ఇదే 4 లక్షల సగటుతో ఎక్స్‌పోనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ తీసుకుంటే, 98 లక్షల పైన మిగిలేది ఒక పైసా కూడా ఉండదు. సగటు ఒకటే, తోకలు, అంటే x బాగా పెద్దదైన చోట మిగిలే భాగాలు, వేరు. కంపెనీ 98 లక్షల పైభాగాన్ని రీఇన్సూరెన్స్‌కు, అంటే మరో బీమా కంపెనీకి, ఇవ్వాలనుకుంటే, దాని ధర మొత్తం ఈ తోక మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు αని కదిపి చూడు. λ అదే 2 లక్షలు. α = 1.1 అయితే సగటు 20 లక్షలు, 1.05 అయితే 40 లక్షలు. 1 అయితే ఇంటిగ్రల్ 2 ln((2+b)/2), ఇది డైవర్జ్ అవుతుంది, సగటే లేదు. డేటా నుంచి α అంచనా వేసేటప్పుడు 1.1కీ 1.05కీ మధ్య తేడాను పట్టించుకోకపోతే ప్రీమియం రెట్టింపు తప్పవుతుంది. α ఒకటి అయినా, అంతకంటే తక్కువైనా λ/(α−1) ఫార్ములా వాడకూడదు. 0.8 వేస్తే నెగెటివ్ సగటు వస్తుంది, అది వెంటనే పట్టుబడుతుంది. కానీ క్లెయిమ్‌ల డేటా తీసుకుని ఎక్సెల్‌లో సగటు కడితే ఏదో ఒక మామూలు సంఖ్యే వస్తుంది, అనుమానం రాదు. తర్వాతి ఏడాది ఒక్క పెద్ద క్లెయిమ్ రాగానే ఆ సంఖ్య ఎగిరి కూర్చుంటుంది.

మన α = 1.5 కేసులో కూడా ఇలాంటి చిక్కు ఉంది. వేరియన్స్ కోసం E[X²] కావాలి, అది 2x·S(x) ఇంటిగ్రల్. దూరాన ఇది x × 1/x^1.5, అంటే 1/x^0.5 లాగా ఉంటుంది. p అర అయింది, కాబట్టి డైవర్జ్. సగటు ఉంది, వేరియన్స్ లేదు. మామూలు సెంట్రల్ లిమిట్ థీరమ్‌కు పరిమితమైన వేరియన్స్ కావాలి కాబట్టి, దాని మీద కట్టే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇక్కడ పనికిరాదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క విషయం సొంత మాటల్లో వివరించగలిగితే నీకు సబ్జెక్ట్ అర్థమైందని ఎదుటివాళ్లకు తెలుస్తుంది.

పరీక్షల సంగతి చెబుతాను. యాక్చూరీ దారిలో మొదటి మెట్టు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చూరీస్ ఆఫ్ ఇండియా పెట్టే ప్రవేశ పరీక్ష ఏసెట్. డిగ్రీ చదువుతూనే రాయొచ్చు. అసలు పేపర్లలో సీఎస్1లో డిస్ట్రిబ్యూషన్లు, వాటి సగటు, వేరియన్స్ వస్తాయి. సీఎస్2లో పరెటో లాంటి లాస్ డిస్ట్రిబ్యూషన్లు, రీఇన్సూరెన్స్ వస్తాయి. రెండింటిలోనూ ఆర్‌తో చేసే భాగం విడిగా ఉంటుంది. కాబట్టి ఈ సెమిస్టర్‌లో ఇంటిగ్రల్స్ నేర్చుకునేటప్పుడే పక్కన ఆర్ పెట్టుకో. ముందు తోకను చూసి కన్వర్జ్ అవుతుందా లేదా కాగితం మీద రాసి, ఆ తర్వాతే రన్ చెయ్యి. కోచింగ్‌లో ఎవరైనా ఫార్ములా షీట్ కంఠస్థం చేస్తే చాలంటే నమ్మకు. ఆ ఫార్ములా ఏ α దాకా చెల్లుతుందో ఇంటిగ్రల్ దగ్గరే తెలుస్తుంది.

ఇంటికెళ్లి ఒకటి చెయ్యి. λ = 3 లక్షలు, α = 2. సగటు 3 లక్షలు రావాలి. E[X²] కోసం 18x/(3+x)² ఇంటిగ్రల్ తీసుకుంటే అది డైవర్జ్ అవ్వాలి. ఇది 18/x కంటే చిన్నది, 18/x డైవర్జ్, కాబట్టి ఇదీ డైవర్జ్ అని రాయకు. డైవర్జ్ అయ్యేదాని కంటే చిన్నదైతే ఏమీ తేలదు. x మూడు దాటాక 3+x ≤ 2x కాబట్టి, మన ఫంక్షన్ 4.5/x కంటే తక్కువ కాదు. అలా కింద నుంచి పోల్చి చూపిస్తే మార్కు కట్ చేయడానికి ఎవరికీ వీలుండదు.