నాగావళి దగ్గర ఇల్లు: అడ్వాన్స్ కంటే ముందు అరుగు ఎత్తు

"శ్రీకాకుళంలో నాగావళికి 600 మీటర్ల దూరంలో ఇండిపెండెంట్ ఇల్లు 42 లక్షలకు వస్తోంది. అలాంటిదే ఏటికి ఇంకా దూరంగా ఉన్న వీధిలో 47 చెబుతున్నారు. గూగుల్ ఎర్త్‌లో మొదటి ఇంటి దగ్గర ఎత్తు 14 మీటర్లు, ఏటి గట్టు 12 మీటర్లు చూపిస్తోంది. వరద మ్యాప్‌లో ఆ వీధి మీద రంగు కూడా లేదు. తీసుకోవచ్చా సార్?"

అడ్వాన్స్ ఇంకా ఇవ్వకండి. మీరు చూసుకున్న ఆ రెండు మీటర్లు నిజంగా నేల ఎత్తు కాకపోవచ్చు.

మనకు ఉచితంగా దొరికే ఎత్తుల లెక్క ఎక్కువగా ఉపగ్రహాల నుంచి వచ్చిందే. సుమారు 30 మీటర్ల చదరానికి ఒక అంకె ఇస్తుంది. పైనుంచి చూస్తుంది కాబట్టి డాబాలు, కొబ్బరి చెట్లు ఉన్నచోట వాటి ఎత్తు కూడా అందులో కలుస్తుంది. ఏటి గట్టు ఖాళీగా ఉంటుంది, మీ వీధి నిండా డాబాలు. అందుకే వీధి గట్టు కంటే ఎత్తుగా కనిపిస్తుంది. పైగా ఆ అంకెలోనే కొన్ని మీటర్ల తేడా మామూలు. మోకాలి లోతు నీళ్లతో ఇల్లు పాడయ్యే విషయాన్ని దానితో తేల్చలేం.

అలాగని అది పనికిరాదనుకోకండి, వాడే తీరు మార్చండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి, గట్టు నుంచి ఇంటిదాకా, ఇల్లు దాటి మరో అర కిలోమీటరు వరకు ఒక గీత గీయండి. దాని మీద రైట్ క్లిక్ చేసి `Show Elevation Profile` నొక్కండి. గీత బడి మైదానాలు, ఖాళీ స్థలాల మీదుగా పోయేలా చూసుకోండి, ఆ చోట్ల అంకెలనే పోల్చండి. ఏరు ఏళ్ల తరబడి ఒండ్రు వేయడంతో చాలా చోట్ల గట్టు ఎత్తుగా, వెనక నేల పల్లంగా ఉంటుంది. గీత గట్టు దాటాక గిన్నెలా కిందికి దిగి మళ్లీ లేస్తే, మీ ఇల్లు ఆ గిన్నెలో ఉందేమో చూడండి.

ఇక రంగు లేని మ్యాప్ సంగతి. ఇస్రో వారి మ్యాప్ సైట్ భువన్‌లాంటి చోట కనిపించే వరద పొరలు, వరద రోజుల్లో ఉపగ్రహం తీసిన చిత్రాల నుంచి గీసినవి. ఉపగ్రహం వచ్చేసరికి నీళ్లు తీసిపోయి ఉంటే అవి మ్యాప్‌కి ఎక్కవు. మబ్బుల్లోంచి చూడగల రాడార్ కూడా ఇరుకు వీధుల్లో గోడల మధ్య నిలిచిన నీటిని సరిగా పట్టలేదు. కాబట్టి రంగు ఉంటే నమ్మండి, లేకపోతే ధైర్యం తెచ్చుకోకండి. ఊరి అంచున పొలాల్లో ఆ రంగు ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నేల ఎత్తును మీ వీధి పక్క ఖాళీ స్థలంతో పోల్చండి.

ఇంకోటి, ఈ ఏటికి నీళ్లు వచ్చేది ఎక్కువగా ఒడిశా కొండల నుంచి. మనకు చినుకు లేకపోయినా ఏరు నిండుతుంది. నిండితే ఊరి కాలవలు, గెడ్డలు అందులోకి దిగలేక వెనక్కి తంతాయి. ఆ నీళ్లు గట్టు దాటి రావు, మీ వీధి కాలవలోంచి వస్తాయి.

చివరి మాట తాపీమేస్త్రీ చేతిలోని లెవెల్ పైపుదే. నిరుడు మా క్లయింట్ ఒకాయన ఇలాంటి ఇల్లే చూశారు. మ్యాప్‌లో రంగు లేదు, ఎత్తు బాగానే ఉంది. వీధి చివర కిరాణా కొట్టాయన పాత వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించాడు: రోడ్డు నుంచి 28 అంగుళాలు. మేస్త్రీని పిలిచి, పారదర్శక పైపులో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస ఆ గుర్తు దగ్గర, రెండో కొస అవతల గోడ దగ్గర పెట్టి, నీటి మట్టం ఉన్నచోట పెన్సిల్ గీత గీయించాం. అలా మూడు మజిలీల్లో ఇంటిదాకా వచ్చాం. చివరి గీత ఇంటి గచ్చుకి 10 అంగుళాల పైన పడింది. అంటే ఆ వరద మళ్లీ వస్తే బీరువా కింది అర మునుగుతుంది. ఆయన అదే వీధిలో పై అంతస్తు అద్దెకు తీసుకున్నారు.

'ఇన్సూరెన్స్ ఉంది కదా' అంటారేమో. భారత్ గృహ రక్ష పాలసీ వరద నష్టం ఇస్తుంది, తప్పకుండా తీసుకోండి. కానీ అది కట్టడానికి, ఇంట్లో సామానుకే, నేలకు కాదు. మీ 42 లక్షల్లో కట్టడం విలువ 18 అనుకుంటే, మిగతా 24 లక్షలు స్థలం. వీధి మునిగిందన్న మాట పడ్డాక అమ్మకంలో తగ్గేది ఆ 24 లక్షలే, దానికి ఏ పాలసీ లేదు. మీకు ఇప్పుడు మిగులుతున్నట్టు కనిపిస్తున్న 5 లక్షలు అక్కడే పోవచ్చు.

అందుకని ఇద్దరు ముగ్గురు పాతకాపులను విడివిడిగా అడిగి గుర్తు ఖాయం చేసుకోండి. మీ గచ్చు దానికి రెండడుగులు పైన ఉంటే 42కి తీసుకోవచ్చు. ఆ రెండడుగులు ఎందుకంటే, రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి లేస్తుంది, గచ్చు లేవదు. గుర్తు కంటే గచ్చు కింద ఉంటే 38కి ఇచ్చినా నేనైతే వద్దంటాను. మధ్యలో ఉంటే ఒక వానాకాలం పై అంతస్తులో అద్దెకు ఉండి, కాలవ ఎటు పారుతుందో కళ్లారా చూడండి.