వారసుల దగ్గర ఇల్లు కొంటే అందరి సంతకం ఎందుకు?

తండ్రి చనిపోయిండు, ఇల్లు కొడుకులు అమ్ముతున్నరు, పెళ్లైన బిడ్డ సంతకం కూడా కావాల్నా?

కావాలె, ఎందుకంటే ఆమె సంతకం పెట్టకుంటే ఆమె వాటా మీకు రాదు, ఎవరైనా తమకున్న వాటానే అమ్మగలరు.

నల్లగొండల ఒకాయన సొంతంగ కొన్న ఇల్లు ఉంది అనుకోండి, వీలునామా రాయకుండ పోయిండు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, ఇద్దరు కొడుకులు, మిర్యాలగూడల ఉన్న బిడ్డ, ఇంకా బతికుంటే ఆయన తల్లి (ముసలమ్మను అందరు మర్చిపోతరు), ఐదుగురికి సమాన వాటా. బిడ్డ ఒక్కతి సంతకం పెట్టకపోయినా మీరు పూర్తి పైసలు కట్టి కొన్నది ఐదుల నాలుగు వాటాలే, రేపు ఆమె తన వాటా పంచియ్యమని పార్టిషన్ సూట్ వేస్తే ఇల్లు కోర్టుల ఇరుక్కుంటది.

కట్నం ఇచ్చినం, ఆమెకేం హక్కు లేదంటరు, అది తప్పు. ఇంటిపన్ను పెద్దకొడుకు పేరు మీద ఉన్నంత మాత్రాన ఇల్లు ఆయనది కాదు.

అడ్వాన్స్ ఇయ్యకముందే తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, పేర్లు చుట్టుపక్కలోళ్లతోని సరిచూసుకోండి, ఇంటి మీద పాత రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఈసీ తీయండి. సేల్ డీడ్‌ల బిడ్డను సాక్షిగ పెడితే సరిపోదు, అమ్మేటోళ్లల్ల ఒకరిగ సంతకం పెట్టాలె. మైనర్ వాటా ఉంటే కోర్టు పర్మిషన్ వచ్చేదాక ఆగండి.