క్రేయాన్లు దాటిన తొమ్మిదేళ్ల పాపకు ఏం కొనాలి?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. మా పాపకు తొమ్మిదేళ్లు. బడి నుంచి వస్తూనే బొమ్మలు వేయడానికి కూర్చుంటుంది. క్రేయాన్లు, డ్రాయింగ్ పుస్తకాలు ఇంట్లో గుట్టలుగా ఉన్నాయి. వచ్చే నెల పుట్టినరోజు. రేపు గ్రాఫిక్ డిజైన్‌కు పనికొస్తుంది, ట్యాబ్ కొనిద్దాం అంటున్నాడు మా తమ్ముడు. ఏం కొనమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ట్యాబ్‌కు ఇంకా టైముంది. ఈ వయసులో చేతికి తెలియాల్సింది తడి రంగు ఎలా పారుతుంది, ఒక రంగులో ఇంకోటి ఎలా కలుస్తుంది అనేది. ట్యాబ్‌లో వేలు పెడితే తయారైన రంగు వచ్చేస్తుంది, కలిపే పని ఉండదు. అందుకని ఈసారి వాటర్ కలర్స్ కొనండి. ముప్పై ఆరు రంగుల పెట్టె మాత్రం వద్దు. విడి ట్యూబులు మూడు చాలు: నిమ్మపండు పసుపు, క్రిమ్సన్ ఎరుపు, అల్ట్రామెరైన్ నీలం.

అంగట్లో వాటర్ కలర్ అడిగితే పోస్టర్ కలర్ సీసాలు చేతిలో పెట్టడం మామూలే. పోస్టర్ కలర్ చిక్కగా పూస్తే కింది పెన్సిల్ గీతను కప్పేస్తుంది. వాటర్ కలర్‌ను నీళ్లతో పల్చగా వేస్తే గీత కనిపిస్తూనే ఉంటుంది. మన ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు చర్మాన్ని వెలుతురు దూరేంత పల్చగా చేసి రంగు వేస్తారు, వెనక దీపం పెడితే ఆ రంగు వెలుగుతుంది. వాటర్ కలర్‌లో ఆ దీపం పని కాగితం తెలుపే చేస్తుంది. అందుకే తెల్ల రంగు ట్యూబు కొనమనలేదు. తెలుపు కావాల్సిన చోట కాగితాన్ని వదిలేయాలి.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది రంగుల మీద కాదు, కాగితం మీద. మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితానికి నీళ్లు తగిలితే ఉబ్బి అలలు తేలుతుంది. రెండోసారి కుంచె పెడితే పైపొర నూగులా లేస్తుంది. తనకు రంగులు రావని పాప అనుకుంటుంది గానీ, తప్పు కాగితానిది. 300 జీఎస్ఎం వాటర్ కలర్ కాగితం ఎ4 సైజులో కొని, ఒక్కో షీటును నాలుగు ముక్కలు చేయండి. పన్నెండు షీట్లకు నలభై ఎనిమిది బొమ్మలు. కాగితం ఖరీదు పాపకు చెప్పకండి. "జాగ్రత్త, ఖరీదైంది" అని ఒక్కసారి అన్నా చాలు, పిల్లలు దాన్ని బీరువాలో దాచేసి మళ్లీ నోట్‌బుక్ వెనక పేజీల్లోనే గీసుకుంటారు.

కుంచెలు గుండ్రటివి రెండు చాలు, 4 నంబరు, 8 నంబరు. నీళ్లలో ముంచి విదిలిస్తే కొన సూదిగా కూడాలి. వెంట్రుకలు విడిపోతే తీసుకోవద్దు. ఇంట్లో ఉన్న పరీక్ష అట్టకు కాగితం నాలుగు వైపులా మాస్కింగ్ టేప్‌తో అంటిస్తే అంత ఉబ్బదు. నీళ్లకు రెండు గ్లాసులు పెట్టండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. ట్యూబు నుంచి శనగగింజంత పిండితే చాలు. పళ్లెంలో ఎండిపోయినా పారేయకండి, తడిపితే మళ్లీ కరుగుతుంది.

మొదటి రోజు ఒక వేపకొమ్మ వేయమనండి. పసుపు ముందు కలుపుకుని, అందులోకి కుంచె కొనతో నీలం కొంచెం కొంచెంగా చేర్చాలి. నీలంలోకి పసుపు పోస్తూ పోతే ట్యూబు ఖాళీ అవుతుంది గానీ లేతాకు రంగు రాదు. ఆ ఆకుపచ్చలో చుక్క ఎరుపు పడితే ముదురాకు, ఇంకొంచెం పడితే కొమ్మ గోధుమరంగు. రెండో పూత వేసేముందు వేళ్ల వెనకవైపు కాగితానికి ఆనించి చూడమనండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. సగం ఆరినదాని మీద నీళ్లు పడితే గోబీపువ్వు లాంటి మరక పడుతుంది. మన ఎండల్లో దీనికి తోడు ఇంకో చిక్కు: ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం సగం వేసేలోపే పైభాగం ఆరిపోయి గీతలు తేలతాయి. పొద్దున్నే, ఫ్యాన్ ఆపి, ముందు ఉత్త నీళ్లతో కాగితం తడిపి వేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

మీ తమ్ముడికి ఖర్చు పెట్టే ఉత్సాహం ఉంటే, ఒక ఆదివారం పాపను నిమ్మలకుంట తీసుకెళ్లమనండి. ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికే 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ అంచు, నగలు చిన్న ఉలితో తొలిచి చేసే పనిని పాప దగ్గర కూర్చుని చూడగలిగితే, ఒక చిన్న బొమ్మ కొనిపించుకుని వస్తే, అదీ కానుకే.

కెరీర్ సంగతి అంటారా, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీకి ఇంటర్ తర్వాతే దారి. కడపలో దానికోసం యూనివర్సిటీయే ఉంది. అప్పటిదాకా చేయాల్సింది ఒక్కటే: బొమ్మ వెనక తేదీ రాసి, అన్నీ ఒక అట్టపెట్టెలో పడేయండి. బాగా రానివి కూడా.