స్పూన్ పడేశాక బాబు ఎటు చూస్తున్నాడు?

ప్రశ్న: మా బాబుకి 13 నెలలు. కుర్చీలో కూర్చోబెట్టి తినిపిస్తుంటే స్పూన్ కింద పడేస్తాడు, తీసిస్తే మళ్ళీ పడేస్తాడు, ఎన్నిసార్లయినా అంతే. వద్దురా అంటే నా మొహం చూసి నవ్వుతాడు. ఇప్పట్నించే మొండితనం, ఒకటి తగిలించు అంటున్నారు మా అత్తయ్య. నాకు ఓపిక అయిపోతోంది, ఏం చెయ్యను?

జవాబు: కొట్టే మాట పక్కన పెట్టెయ్యండి. అమ్మని విసిగిద్దాం అని ప్లాన్ వేసే వయసు కాదు ఇది. రేపు తినిపించేటప్పుడు ఒక్క పని చెయ్యండి, స్పూన్ పడగానే మీరు స్పూన్ వైపు కాకుండా వాడి కళ్ళు చూడండి. అవి కిందికి వెళ్తున్నాయా, మీ మొహం మీదికి వస్తున్నాయా?

కిందికి వెళ్తుంటే వాడికి స్పూన్‌తోనే పని. పుట్టినప్పుడు పిల్లల చేతిలో వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటారు కదా, అది వాళ్ళకి తెలీకుండానే జరిగిపోయేది, కావాలనుకున్నప్పుడు వేళ్ళు తెరిచి వదలడం మాత్రం ఏడాది దగ్గర పడుతుంటే గానీ కుదరదు. అంటే వదలడమే వాడికి కొత్త విద్య. దానికి తోడు, కంటికి కనపడకుండా పోయిన వస్తువు ఎక్కడో ఉండే ఉంటుందని కూడా ఈమధ్యే పట్టుబడింది, అందుకే కుర్చీ మీంచి వంగి మరీ వెతుకుతాడు.

ఇంకాస్త గమనించండి, ప్రతిసారీ ఒకేలా పడెయ్యడు. ఒకసారి ఎడమ పక్కకి, ఒకసారి చెయ్యి బాగా పైకెత్తి, ఒకసారి మెల్లగా, ఒకసారి విసిరి. స్విట్జర్లాండ్ సైకాలజిస్ట్ జాన్ పియాజే ఏడాది కూడా నిండని తన కొడుకు ఇలాగే చెయ్యి చాచి, చోటు మార్చి మార్చి బొమ్మలు పడేస్తుంటే కూర్చుని రాసుకున్నాడు. చేసిందే చెయ్యడం వేరు, కొంచెం మార్చి ఏమవుతుందో చూడడం వేరు అన్నాడాయన, ఈ రెండోది సుమారు 12 నుంచి 18 నెలల మధ్య బాగా కనిపిస్తుంది. స్టీల్ స్పూన్‌కి ఖంగుమని చప్పుడొస్తుంది, గుడ్డకి రాదు, రెండూ కిందికే పోతాయి, ఏదీ పైకి ఎగరదు... ఇవన్నీ వాడికి ఎవరు చెప్పాలి, చెప్పినా అర్థమవుతుందా?

కళ్ళు మీ మీదికి వస్తే మాత్రం పరీక్ష స్పూన్‌కి కాదు, మీకు :) స్పూన్ ఎన్నిసార్లు వదిలినా కిందే పడుతుంది కాబట్టి అది త్వరగానే తేలిపోతుంది, అమ్మ మాత్రం ఒకసారి నవ్వుతుంది, ఒకసారి అరుస్తుంది, ఒకసారి గబగబా తీసిస్తుంది, ఇంక వాడు ఎప్పటికి తేల్చుకోవాలి? నా దగ్గరికొచ్చిన ఒకావిడ పాప కప్పు పడేస్తూనే ఉండేది, ఎప్పుడెప్పుడని అడిగితే ఆవిడే ఆలోచించి, నేను ఫోన్ చూస్తున్నప్పుడేనండీ అంది. కప్పు పడితే అమ్మ మొహం ఇటు తిరుగుతోంది, పాపకి ఆ లెక్క దొరికేసింది. తినిపించేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టి పాపతో మాట్లాడుతూ కూర్చుంటే బాగా తగ్గింది, పూర్తిగా మానలేదు, ఆ వయసుకి మానాల్సిన పనీ లేదు.

మీరు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండండి. తినిపించే స్పూన్ మీ దగ్గర ఉంచుకుని వాడికి ఇంకోటి ఇవ్వండి. పడేస్తే మామూలు గొంతుతో "పడిపోయింది" అని ఒకటి రెండుసార్లు తీసివ్వండి, ఆ తర్వాత "ఇంక చాలు" అని పక్కన పెట్టేసి తినిపించడం కానివ్వండి, కాసేపు ఏడిచినా సరే. పళ్ళెం కూడా తోసేస్తూ మొహం తిప్పుకుంటుంటే కడుపు నిండిందన్నమాట, దింపెయ్యండి. పడేసే ఆట మాత్రం వేరే టైంలో నేల మీద కూర్చోబెట్టి కావలసినంత ఆడనివ్వండి, ఒక ఖాళీ డబ్బా, గుడ్డ, స్పూన్ ఇచ్చి డబ్బాలో వెయ్యమనండి, వెయ్యడం తియ్యడం రెండూ ఇష్టపడతారు. గాజువి, నోట్లో పట్టేంత చిన్నవి వద్దు. స్పూన్‌ని కుర్చీకి తాడుతో కట్టేద్దాం అనిపిస్తుంది, అది అస్సలు వద్దు, మెడకి చుట్టుకుంటుంది.

మళ్ళీ మళ్ళీ చెయ్యడం చూసి మాత్రమే భయపడక్కర్లేదు. కాకపోతే ఏ మార్పూ లేకుండా అదే పనిలో మునిగిపోయి, ఆపితే ఎంతకీ ఊరుకోకుండా, మీ వైపే చూడకుండా, పేరు పెట్టి పిలిచినా తిరగకుండా ఉంటే, లేదా వచ్చిన మాటలు పోతుంటే పిల్లల డాక్టర్‌కి వెంటనే చూపించండి. 18 నెలలకి కూడా కావలసింది వేలితో చూపించకపోతే అప్పుడూ అంతే. మీ వాడు మీ మొహం చూసి నవ్వుతున్నాడని రాశారు కాబట్టి, ఆ ఒక్కటీ మంచి గుర్తే. ఇక అత్తయ్యగారితో వాదించకండి, ఈసారి స్పూన్ ఆవిడనే తీసివ్వమనండి, వాడు ఆవిడ మొహం ఎలా చూస్తాడో ఆవిడే చూస్తారు.