పరిచయం లేని పెద్ద అధికారికి మెయిల్ రాయడం ఎలా?

ఏ పరిచయమూ లేని కంపెనీ వైస్ ప్రెసిడెంటుకు మెయిల్ రాయాలంటే ఏం రాయాలని అమెరికాకు కొత్తగా వచ్చిన మన విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. గత డిసెంబరులో హైదరాబాద్ వెళ్ళినప్పుడు, డాలస్‌లో ఎమ్మెస్ చదువుతూ సెలవులకు కూకట్‌పల్లి వచ్చిన మా మేనల్లుడు కూడా అదే అడిగి, ఒక కంపెనీ వైస్ ప్రెసిడెంటుకు తాను రాసుకున్న చిత్తుప్రతిని ఫోన్‌లో చూపించాడు.

అది "గౌరవనీయులైన సర్" అని మొదలై, ఇంటర్ మార్కుల మీదుగా, చదువయ్యాక అమెరికాలో పనిచేసేందుకు ఇచ్చే ఓపీటీ అనుమతిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండరాదన్న నిబంధన దాకా సాగి, "దయచేసి మార్గదర్శనం చేయగలరు" అని ముగిసింది. రెజ్యూమె కూడా జతచేశాడు. మన దగ్గర ఇంత విన్నవించుకుంటేనే మర్యాద అనుకుంటాం గానీ, ఫోన్‌లో ఆ మెయిల్ తెరిచిన మనిషికి తననేం అడుగుతున్నారో రెండుసార్లు తెర జరిపినా కనబడదు. వీసా దిగులు నిజమైనదే. అయితే ముక్కూ మొహం తెలియని ఆయన దానికి చేయగలిగింది ఏమీ లేదు.

అదృష్టవశాత్తూ వాడు ఆ అధికారి ప్రసంగాన్ని శ్రద్ధగా విన్నాడు. ఇద్దరం కూర్చుని మెయిల్‌ను ఇలా తిరగరాశాం:

"శీతల ట్రక్కుల ఉష్ణోగ్రత రీడింగులు ఆలస్యంగా చేరతాయి కనుక కొంతసేపు ఆగి లెక్కిస్తామని మీ ప్రసంగంలో అన్నారు. నా ఎమ్మెస్ ప్రాజెక్టులోనూ అదే సమస్య ఉంది: పది నిమిషాలు ఆగితే హెచ్చరిక ఆలస్యమవుతోంది, రెండు నిమిషాలే ఆగితే తప్పుడు హెచ్చరికలు పెరుగుతున్నాయి. మీరు అన్ని ట్రక్కులకూ ఒకే గడువు పెట్టారా, దారిని బట్టి మార్చారా? ఈ పని చూసేవారు వేరే ఉంటే వారికి పంపినా చాలు."

సబ్జెక్టులో "ఆలస్యంగా వచ్చే ట్రక్కు రీడింగులు: ఒక ప్రశ్న" అని పెట్టాం. అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఆ చివరి వాక్యమే. అంత పెద్ద స్థాయివారు స్వయంగా జవాబు రాయడం అరుదు. చాలాసార్లు మెయిల్‌ను ముందు చూసేది వారి సహాయకులే. ఎవరు చూసినా "ఇది చూడండి" అని కింది బృందానికి పంపడం తేలిక కనుక, ఆ మూడో మనిషికి కూడా ముందువెనుకలు తెలియకుండానే అర్థమయ్యేలా రాయాలి. అదే మెయిల్‌ను ఆ కంపెనీలో మరో నలుగురు పెద్దలకు కూడా పంపుతానన్నాడు గానీ, రెండు ప్రతులు ఒకే బల్ల మీదికి చేరితే పరువు పోతుందని వారించాను.

వారం గడిచినా జవాబు రాలేదు. తొమ్మిదో రోజున అదే మెయిల్ కింద, దారిని బట్టి గడువు మార్చి చూస్తే తనకు ఏం తేలిందో రెండు వాక్యాల్లో చేర్చి పంపాడు. దానికీ జవాబు రాకపోతే అక్కడితో ఆపేయమని ముందే చెప్పి ఉంచాను. నాలుగు రోజుల తర్వాత ఆ బృందంలోని ఇంజనీరు ఒకావిడ రాసి, ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడింది. రెజ్యూమె పంపమని చివరికి ఆవిడే అడిగింది.