పర్లాకిమిడి జీడిపప్పు దుబాయ్‌కి: ఏ ధర చెప్పాలి?

అల్లుడూ,

దుబాయ్ పార్టీ ఎక్స్ వర్క్స్ ధర, డీఏపీ ధర రెండూ అడిగాడన్నావు. ధర చెప్పేముందు ఒకటి చూసుకో: సరుకు పాడైతే ఆ నష్టం ఏ చోటు వరకు నీది, ఏ చోటు నుంచి వాడిది?

ఎక్స్ వర్క్స్ అంటే పర్లాకిమిడిలో నీ గోడౌన్‌లో సరుకు సిద్ధంగా ఉంచి, వాడికి కబురు చేస్తే నీ పని అయిపోయింది. లారీకి ఎక్కించడం కూడా నీ బాధ్యత కాదు. డీఏపీ అయితే వాడి గిడ్డంగి దగ్గర లారీ ఆగి, దించడానికి సిద్ధమయ్యేదాకా ఖర్చూ నీదే, నష్టభయమూ నీదే. దింపుకోవడం, దిగుమతి సుంకం వాడివి.

లెక్క కోసం ఒక ఇరవై అడుగుల కంటెయినర్ తీసుకుందాం. 700 పెట్టెలు, సరుకు విలువ కోటి రూపాయలు. ఇదే ఎక్స్ వర్క్స్ ధర. దీనికి లారీకి ఎక్కించే కూలి 8 వేలు, విశాఖ పోర్టుకు లారీ 40 వేలు, కస్టమ్స్, పోర్టు ఖర్చులు 32 వేలు, ఓడ కిరాయి 80 వేలు, అక్కడి పోర్టు ఖర్చులు 40 వేలు, అక్కడి లారీ 30 వేలు, బీమా 30 వేలు కలుపు. మొత్తం 2 లక్షల 60 వేలు. డీఏపీ ధర 1,02,60,000. ఈ ఖర్చుల అంకెలు ఉదాహరణకే. నువ్వు షిప్పింగ్ ఏజెంటు దగ్గర తాజా రేటు తీసుకుని, అది ఏ తేదీ దాకా చెల్లుతుందో కూడా రాయించుకో.

ఇప్పుడు సముద్రంలో కంటెయినర్‌లోకి నీళ్లు చేరి పప్పు బూజు పట్టిందనుకో. ఎక్స్ వర్క్స్‌లో నష్టం వాడిది, నీ డబ్బు నీకు రావాలి. డీఏపీలో కోటి రూపాయల దెబ్బ నీకే. బీమా చేయమని డీఏపీ ఎవరినీ నిర్బంధించదు, అందుకే చాలామంది ఆ 30 వేలు మిగుల్చుకుందామనుకుంటారు. ఆ పని మాత్రం చేయొద్దు.

అలాగని ఎక్స్ వర్క్స్ సుఖమనుకోకు. దానిలో ఎగుమతి క్లియరెన్స్ కొనేవాడి పని. మన దేశంలో కస్టమ్స్‌కి ఎగుమతి పత్రం, అంటే షిప్పింగ్ బిల్, వేయాలంటే ఎగుమతి దిగుమతిదారులకు ప్రభుత్వం ఇచ్చే ఐఈసీ నంబరు ఉండాలి, దుబాయ్ వాడికి అదెక్కడిది? చివరికి నీ పేరు మీదే వేస్తావు. పైగా సరుకు దేశం దాటిందన్న కాగితాలు నీ చేతికి రాకపోతే జీఎస్టీ దగ్గర చిక్కు. ఇంకొకటి, నీ కళాసీలే లారీకి ఎక్కిస్తూ పెట్టె పడేస్తే, ఎక్స్ వర్క్స్ ప్రకారం నష్టం వాడిదే. ఏ కొనేవాడైనా ఊరుకుంటాడా?

అందుకని నా మాట, ఎక్స్ వర్క్స్ బదులు నీ గోడౌన్ దగ్గరే ఎఫ్‌సీఏ అనే షరతు మీద ధర ఇవ్వు. వాడు పంపిన లారీకి ఎక్కించడం, ఎగుమతి క్లియరెన్స్ రెండూ నీవి. పై లెక్కలో ఆ 8 వేలు, 32 వేలలో క్లియరెన్స్ వాటా కలిపితే సరిపోతుంది. లారీకి ఎక్కాక నష్టభయం వాడిది.

వాడు డీఏపీయే కావాలంటే, ఒప్పందంలో ఒట్టి 'దుబాయ్' అని రాయకు. గిడ్డంగి పూర్తి చిరునామా, పక్కన ఈ షరతులకు అర్థం చెప్పే అంతర్జాతీయ నియమాల పేరు 'ఇన్‌కోటెర్మ్స్ 2020' అని రాయి. వాడి దిగుమతి కాగితాలు ఆలస్యమై కంటెయినర్ అక్కడి పోర్టులో ఆగితే, అలా ఆగినందుకు పడే డెమరేజ్ ఖర్చు వాడిదేనని విడిగా ఒక వాక్యం చేర్చు. నిబంధన ప్రకారం అది వాడిదే అయినా, షిప్పింగ్ లైను బిల్లు ముందు నీ ఏజెంటుకే వస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య