నిర్ణయించడమైనది, సరే, ఎవరు చేస్తారు?

అమ్మాయీ,

నువ్వు పంపిన మీటింగ్ మినిట్స్ చదివాను. భాష శుభ్రంగా ఉంది. నాలుగో అంశం దగ్గర మాత్రం కోపం వచ్చింది: "సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెన్యువల్ విషయమై తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడమైనది."

ఆ "డమైనది" నాకు ముప్పై ఏళ్ల శత్రువు. దాని చాటున మనిషి మాయమైపోతాడు. నేను కొత్తగా చేరినప్పుడు మా పై అధికారి మినిట్స్‌లో పేర్లు రాస్తే మర్యాద కాదని కొట్టేసి "సంబంధిత విభాగం" అని పెట్టించేవారు. ఒకసారి అలా రాసిన ఇన్సూరెన్స్ పని రెండు విభాగాల మధ్య నలిగి, గడువు దాటిపోయింది. పాత మినిట్స్ తిరగేస్తే అడగడానికి ఒక్క మనిషి పేరూ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు మినిట్స్‌తో పాటు రఫ్ నోట్స్ కూడా పంపడం మంచిదైంది. మినిట్స్ ఎన్నిసార్లు చదివినా రాయకుండా వదిలేసిన తేదీ కనిపించదు. కాబట్టి నోట్స్ నుంచి వెనక్కి రావాలి. "లోపు", "కల్లా", "నాటికి", వారాల పేర్లు ఎక్కడ కనిపించినా పెన్సిల్‌తో సున్నా చుట్టు. ఆ సున్నాలన్నీ మినిట్స్‌లోకి చేరాయో లేదో ఒక్కొక్కటీ చూడు.

నీ నోట్స్‌లో ఇలా ఉంది: "లైసెన్సు 30తో అయిపోతుంది. 20 కల్లా కొటేషన్లు కావాలి, అకౌంట్స్. పర్చేజ్ వాళ్లు చూస్తారు, ఐటీ. చైర్మన్: సరే, కానివ్వండి." రెండు తేదీల్లో ఒక్కటీ మినిట్స్‌లోకి రాలేదు. "పర్చేజ్ వాళ్లు" అన్నది ఐటీ ఆయన. పర్చేజ్ మేనేజర్ ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు. ఇక "కానివ్వండి" దేనికి? పాత లైసెన్సునే పొడిగించడానికా, కొత్త కంపెనీలను కూడా అడగడానికా?

ఈ ఖాళీలను నీ ఊహతో పూడ్చకు. 20 అన్నది అకౌంట్స్ వాళ్ల కోరిక మాత్రమే కావచ్చు. మీటింగ్ మాటలు అందరికీ గుర్తున్నప్పుడే, అంటే మర్నాడే, చైర్మన్‌కు రాసి పర్చేజ్ మేనేజర్‌కు కాపీ పెట్టు: "ఇదే లైసెన్సును పొడిగించాలన్నది నిర్ణయమేనా? 20వ తేదీలోపు కొటేషన్లు తెప్పించే బాధ్యత పర్చేజ్ మేనేజర్‌దేనా?" అవునని జవాబు వస్తే ఇలా రాయి: "ప్రస్తుత లైసెన్సును పొడిగించాలి. పర్చేజ్ మేనేజర్ 20వ తేదీలోపు కొటేషన్లు తెప్పించాలి. లైసెన్సు గడువు 30." జవాబు రాకపోతే "20వ తేదీ ప్రస్తావనకు వచ్చింది, ఖరారు కాలేదు" అని ఉన్నదున్నట్టు రాయి. అది చూశాక వచ్చే మీటింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు.

ఈమధ్య అందరూ పట్టిక పెడుతున్నారు. పని, బాధ్యులు, గడువు అని మూడు గళ్లు. బాధ్యుల గడిలో "అందరూ", గడువు గడిలో "వీలైనంత త్వరగా" అని నింపి పూర్తయిందంటారు. నాకు ఒళ్లు మండుతుంది. గడి నిండింది కానీ పని ఎవరి చేతికీ రాలేదు కదా! పదిమంది కలిసి చేసే పనైనా బాధ్యుడిగా ఒక్కరి పేరే రాయి.

ఏడో అంశంలో కూడా "పరిశీలించడమైనది" అని ఉంది. దాని నోట్స్ పేజీ నాకు అందలేదు. సున్నాలు చుట్టి పంపు.